మాట తప్పని టార్గెట్టు

టార్గెట్టూ, నిన్ను పొగడటానికి కూర్చున్నాను. ప్రభుత్వంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాళ్ల జాబితా రాస్తే నీ పేరు మొదట ఉండాలి.

1976-77లో కుటుంబ నియంత్రణ కోసం దేశం నిన్ను 42.55 లక్షల ఆపరేషన్లు అడిగింది. ఏడాది తిరిగేసరికి నువ్వు 81.32 లక్షలు చేయించావు. అంతకుముందు ఏడాది 24.85 లక్షలు అడిగితే 26.24 లక్షలు చేయించావు. ఇవి ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన జస్టిస్ షా కమిషన్ నివేదికలోని అంకెలు. కాలవ తవ్వుతామన్న శాఖ, బడి కడతామన్న శాఖ ఏడాది చివర సగం పని చూపించి మిగతాదానికి గడువు అడుగుతాయి. అడిగినదానికి దాదాపు రెట్టింపు ఇచ్చినది నువ్వొక్కదానివే.

ఆ నివేదికలోనే ఇంకో రెండు అంకెలున్నాయి. ఆపరేషన్లకు సంబంధించిన మరణాలు 1,774. పెళ్లికాని వాళ్లకు ఆపరేషన్ చేశారన్న ఫిర్యాదులు 548. వీటిని నువ్వు దాచావని నేను అనను. మరణాల కోసం, పెళ్లికానివాళ్ల కోసం నీ ఫారంలో గడి లేదు. ఎన్ని జరిగాయని అడిగారు, ఎన్నో చెప్పావు. ఎవరికి జరిగాయి, వాళ్లు ఒప్పుకున్నారా, ఇంటికి తిరిగి వెళ్లారా అని ఎవరూ అడగలేదు. అడిగింది ఇవ్వడం, అడగనిది ఇవ్వకపోవడం, ఈ రెండింటిలోనూ నీ నిజాయితీ ఒక్కలాంటిదే. నీ గురించి చెప్పవలసిందంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

నీ పుట్టుక మంచిది. 1954లో పీటర్ డ్రక్కర్ తన మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఒక అధ్యాయానికి లక్ష్యాల ద్వారా, స్వీయ నియంత్రణ ద్వారా నిర్వహణ అని పేరు పెట్టాడు. పేరులో రెండు సగాలున్నాయి. సంస్థ ఎక్కడికి పోవాలో పైవాళ్లు తేల్చుకోవాలి. అందులో తన విభాగం వంతు ఏమిటో కింది మేనేజరు తానే ఆలోచించి రాసుకోవాలి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకోవాలి. పని నడుస్తుండగా మధ్యలో చూసుకోవాలి, పరిస్థితి మారితే అంకెనూ మార్చుకోవాలి. సంవత్సరాంతంలో ఫలితం చూసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇవీ మెట్లు.

డ్రక్కర్ వీటికి ఒక షరతు కూడా పెట్టాడు. కొలతలోంచి వచ్చిన సమాచారం పని చేసేవాడి చేతికే రావాలి, అతన్ని అదుపులో పెట్టడానికి పైఅధికారి చేతికి పోకూడదు అన్నాడు. ఉదాహరణకు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆడిటర్లను చూపించాడు. వాళ్లు తిరిగి తిరిగి తనిఖీ చేసినా, నివేదిక మాత్రం ఆ యూనిట్ మేనేజరుకే ఇచ్చేవారట. లోపం తెలిసినవాడు సరిదిద్దుకుంటాడని, పైనుంచి శిక్ష పడుతుందని తెలిస్తే లోపాన్నే దాచేస్తాడని అందులోని అర్థం.

మన ఆఫీసులకు వచ్చేటప్పుడు నువ్వు మొదటి సగంతోనే వచ్చావు. స్వీయ నియంత్రణ వెనక ఉండిపోయింది. అందులో నీ దోషం లేదు. పిలిచినవాళ్లు పిలిచిన మేరకే వచ్చావు.

కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పద్ధతుల వారీగా టార్గెట్లు 1966 ప్రాంతంలో మొదలయ్యాయి. ఢిల్లీలో జననాల రేటు ఇంతకు తగ్గాలని అనుకుంటారు. అందుకు ఎన్ని కాన్పులు ఆగాలో లెక్క వేస్తారు. అన్ని కాన్పులు ఆగాలంటే ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని లూపులు, ఎన్ని మాత్రలు, ఎన్ని నిరోధ్‌లు కావాలో తేలుస్తారు. ఆ మొత్తాన్ని రాష్ట్రాలకు పంచుతారు. రాష్ట్రం జిల్లాలకు, జిల్లా పీహెచ్‌సీలకు, పీహెచ్‌సీ సబ్‌సెంటర్లకు పంచుతుంది. చిట్టచివర ఒక ఏఎన్ఎం, ఆమె పర్సులో మడత పెట్టిన కాగితం మీద ఒక అంకె. ఆ అంకె ఆమె ఊళ్లోంచి పుట్టింది కాదు. జనాభాను బట్టి పైనుంచి భాగిస్తూ వస్తే మిగిలినది. ఒప్పుకోవడం అనే మెట్టు ఈ దారిలో ఎక్కడా లేదు.

నీ లెక్కల నేర్పును కూడా పొగడాలి. పద్ధతులు వేరైనా అన్నిటినీ ఒకే కొలమానానికి తెచ్చావు. ఒక ఆపరేషన్ ఒకటి. మూడు లూపులు కలిస్తే ఒకటి. తొమ్మిది మంది మాత్రలు వాడితే ఒకటి. పద్దెనిమిది మంది నిరోధ్ వాడితే ఒకటి. నిరోధ్ వాడేవాడంటే ఏడాదికి 72 తీసుకున్నవాడు. అంటే 1,296 నిరోధ్‌లు పంచితే ఒక ఆపరేషన్‌కు సమానం. ఒక్కో పద్ధతి ఎన్నేళ్లు, ఎన్ని కాన్పులను ఆపుతుందన్న అంచనా మీద ఈ నిష్పత్తులు నిలబడ్డాయి. జనాభా శాస్త్రం దృష్టిలో అవి అర్థం లేనివి కావు.

వాటిని ఒక సబ్‌సెంటర్‌లో పెట్టి చూద్దాం. ఐదు వేల జనాభా. వెయ్యికి 170 చొప్పున అర్హులైన దంపతులు 850 జంటలు. ఏఎన్ఎంకు ఆ ఏడాది 40 ఆపరేషన్ల టార్గెట్ ఉందనుకుందాం. డిసెంబరు చివరికి 24 అయ్యాయి. జనవరి మొదటి వారంలో ఇరవై మూడేళ్ల అమ్మాయి వచ్చింది. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఐదు నెలలు. కొన్నాళ్లు ఆగాలని ఉంది కానీ శాశ్వతంగా ఆపుకోవాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఆ అమ్మాయికి తగింది లూపు. లూపు వేస్తే ఏఎన్ఎం ఖాతాలో మూడో వంతు పడుతుంది. అదీ లూపుల గడిలోనే, ఆపరేషన్ల గడి ఖాళీగానే ఉంటుంది. ఆపరేషన్‌కు ఒప్పిస్తే నిండు ఒకటి. నెలాఖరు మీటింగులో మెడికల్ ఆఫీసరు అడగబోయేది ఆ 24 ఎంతైందని. ఆయన్ను జిల్లా అధికారి అడుగుతాడు. అంకె తగ్గినవాళ్లకు మెమో, ఆగిన ఇంక్రిమెంటు, దూరపు ఊరికి బదిలీ భయం.

ఆ ఏఎన్ఎం చెడ్డది కాదు. ఆ అమ్మాయి క్షేమం ఆమెకు పట్టకా కాదు. అయినా ఆ పూట ఆమె నోటి వెంట వచ్చే సలహాలో మూడింట రెండు వంతుల బరువు నీదే. ఎక్కువ మందికి ఆపరేషన్ చేయించమని మాత్రమే నువ్వు చెప్పావు, అబద్ధం చెప్పమని చెప్పలేదు. అయితే ఏ మాట ఎంత గట్టిగా చెప్పాలో, ఏది చెప్పకుండా వదిలేయాలో నువ్వు నేర్పావు. ఇంత తక్కువ మాటలతో ఇంత లోతుగా మనిషిని మార్చగలగడం పెద్ద పెద్ద శిక్షణ తరగతుల వల్ల కూడా కాలేదు.

సేవను కొలవడంలో అసలు చిక్కు ఇక్కడుంది. సిమెంటు బస్తా ఫ్యాక్టరీలో తయారై గోదాంలో కూర్చుంటుంది, ఎప్పుడు లెక్కపెట్టినా అక్కడే ఉంటుంది. ఏఎన్ఎం సేవ ఆమెకూ ఆ అమ్మాయికీ మధ్య పావుగంట మాటల్లో తయారవుతుంది, ఆ పావుగంటతోనే అయిపోతుంది. అది మంచిదా కాదా అన్నది ఆ అమ్మాయికి తెలుస్తుంది, అదీ నెలల తర్వాత. ఫలితం ఒక్క ఏఎన్ఎం చేతిలో ఉండదు. డాక్టరు చేయి, మందు నాణ్యత, ఇంట్లో అత్తమామల మాట, ఆ అమ్మాయి రక్తహీనత, అన్నీ అందులో ఉంటాయి. అంతకన్నా గట్టి చిక్కు ఇంకొకటుంది. కొన్నిసార్లు ఏమీ చేయకుండా పంపడమే మంచి సేవ. ‘ఇప్పుడే వద్దమ్మా, రక్తం బాగా తక్కువగా ఉంది, ముందు మాత్రలు వాడు, మూడు నెలల తర్వాత చూద్దాం’ అన్న ఏఎన్ఎం ఆ రోజు తన ఉద్యోగంలోకెల్లా మంచి పని చేసింది. ఆ పని ఏ గడిలోనూ పడదు. పడకపోగా, పడవలసిన ఒకటి తగ్గుతుంది. చేసిన పనిని కొలిచే కొలత దేనికైనా ఈ గుడ్డితనం ఉంటుంది. ఎంత తెలివిగా రాసినా పోదు.

నువ్వు సత్యం పలికే తీరు కూడా చెప్పాలి. నిన్ను ఎవరైనా మోసం చేస్తే ఆ మోసం నీ అంకెల్లోనే కనిపిస్తుంది. చూడాలనుకున్నవాడికి ఒక సబ్‌సెంటర్ రిజిస్టరు చాలు. ఆపరేషన్లు నెలనెలా సమానంగా ఉండవు. జనవరి, ఫిబ్రవరి, మార్చిలలో గుట్టగా లేస్తాయి, ఏప్రిల్‌లో పడిపోతాయి. పిల్లలు వద్దనుకోవడానికి ఆర్థిక సంవత్సరంతో సంబంధమేమీ లేదు, కాబట్టి ఆ గుట్ట ఊరి అవసరం కాదు, ఆఫీసు అవసరం. నిరోధ్ వాడేవాళ్లు ప్రతి నెలా ఒకే సంఖ్యలో ఉంటారు, స్టోరు మూలన అట్టపెట్టెలు తెరవకుండా ఉంటాయి. లూపు వేసినవాళ్ల పేర్లుంటాయి కానీ ఇబ్బందితో తీయించుకున్నవాళ్ల పేర్లు ఒక్కటీ ఉండవు. ప్రతి ఊళ్లోనూ కొందరికి లూపు పడదు, ఆ వరస ఖాళీగా ఉందంటే మిగతా వరసనూ నమ్మక్కర్లేదు. ఆపరేషన్ అయినవాళ్లను 48 గంటల లోపు ఇంటికెళ్లి చూడాలి, ఏడో రోజు కుట్లు చూడాలి, నెల తర్వాత మరోసారి చూడాలి అన్నది ప్రమాణం. చాలా రిజిస్టర్లలో ఆ మూడు గళ్లూ ఒకే కలంతో, ఒకే రోజు నింపినట్టు ఉంటాయి. లేదా తెల్లగా ఉంటాయి. ఎందుకంటే వాటికి నెలాఖరు మీటింగులో ప్రశ్న లేదు.

నువ్వు మిగిల్చిన గుర్తు ఇవాళ్టికీ చెరగలేదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. అన్ని పద్ధతులూ కలిపినా 71 శాతమే. భర్త ఆపరేషన్ చేయించుకున్న కుటుంబాలు అర శాతం కూడా లేవు. ఎమర్జెన్సీలో నువ్వు ఎక్కువగా మగవాళ్ల మీద పడ్డావు. 1977 ఎన్నికల్లో దానికి గట్టి సమాధానం వచ్చింది. ఆ తర్వాత నిన్ను నడిపినవాళ్లు ఆడవాళ్ల వైపు తిరిగారు. ఓటుతో ఎదురు తిరగనివాళ్ల దగ్గర నువ్వు ఎంత సజావుగా పనిచేస్తావో ఆ అంకెలో ఉంది. మన దగ్గర కాన్పుల సంఖ్య బాగా తగ్గింది, ఒప్పుకుంటాను, అందులో నీ వంతూ ఉంది. కానీ ఒక కాన్పుకూ ఇంకో కాన్పుకూ మధ్య ఎడం కావాలనుకున్న అమ్మాయికి మన వ్యవస్థ చెప్పగలిగిన మాట చాలా కాలం ఒక్కటే: త్వరగా కనేసి ఆపరేషన్ చేయించుకో. ఆమె అడిగిన సేవ నీ కొలమానంలో మూడో వంతు విలువ చేసేది కాబట్టి ఎదగలేదు.

1996 ఏప్రిల్‌లో నిన్ను దేశమంతటా ఎత్తేశారు. 1994 కైరో జనాభా సమావేశం తర్వాత వచ్చిన నిర్ణయం అది. ముందు తమిళనాడు, కేరళలో మొదలుపెట్టి తర్వాత అందరికీ విస్తరించారు. మరుసటి ఏడాది దాని స్థానంలో స్థానిక అవసరాల అంచనా పద్ధతి వచ్చింది. ఏఎన్ఎం ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఏం కావాలో అడిగి, తన సబ్‌సెంటర్ పని తానే అంచనా వేసి పైకి పంపాలి. జాగ్రత్తగా చూస్తే ఇది డ్రక్కర్ మెట్లలో మనం దాటేసిన మెట్టే. పని చేసేవాళ్లు తమ లక్ష్యం తాము రాసుకోవడం. ముప్పై ఏళ్ల తర్వాత మన ఆరోగ్య శాఖ ఆ మెట్టు మీద కాలు పెట్టింది.

నువ్వు లేకపోతే జననాలు ఆగవని భయపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. 1992-93లో దేశంలో స్త్రీకి సగటున 3.4 కాన్పులు. 1998-99లో 2.9. 2019-21లో 2. నిన్ను ఎత్తేశాక కూడా రేటు తగ్గుతూనే వచ్చింది. ఆడపిల్లల చదువు, పెళ్లి వయసు, పిల్లలు బతుకుతారన్న నమ్మకం, వీటి పని నీతో ముడిపడి లేదు.

కానీ నీ ఓర్పును పొగడకుండా ఉండలేను. నువ్వు ఎక్కడికీ పోలేదు. ఏఎన్ఎంలు పంపిన అంచనా జిల్లాలో కూర్చున్నవాళ్లకు తక్కువగా కనిపించింది. పోయిన ఏడాది కన్నా తగ్గకూడదన్నారు. కొత్త పత్రాల్లో ‘సాధించగలమని ఆశించే స్థాయి’ అని వరస వచ్చింది, పక్కన అంకె వచ్చింది, నెలాఖరు మీటింగులో ఆ అంకె మీదే ప్రశ్న వచ్చింది. ఒక్క ఆదేశంతో పోగొట్టగలిగింది నీ పేరునే. ప్రశ్న అడిగే అలవాటును పోగొట్టడానికి ఎవరి దగ్గరా ఆదేశం లేదు.

2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గరి ఒక శిబిరంలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్ చేశాడు. ఒక సర్జన్ బృందం రోజుకు 30కి మించి చేయకూడదన్నది ప్రభుత్వ ప్రమాణం. వాడుకలో లేని ప్రైవేటు ఆసుపత్రి భవనంలో ఆ శిబిరం పెట్టారు. ఆ శిబిరానికి వచ్చినవాళ్లలో 13 మంది చనిపోయారు. కారణం ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మాత్రలా, శుభ్రత లేక సోకిన ఇన్ఫెక్షనా అన్నది పెద్ద వివాదమైంది. ఏది కారణమైనా ఒక్కటి మాత్రం వివాదంలో లేదు. 83 అన్న అంకె ఆ రోజు సాయంత్రం నివేదికలో మంచి పనిగా రాయదగినది. 30 అన్న ప్రమాణం ఏ నివేదికలోనూ అడగనిది. ఈ రెండు అంకెలూ ఒకే శాఖవి. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, శిబిరాలను మూడేళ్లలో మానేయమని, రాష్ట్రాలు టార్గెట్లు పెట్టకుండా చూడమని చెప్పింది. ఎత్తేసిన ఇరవై ఏళ్లకు నిన్ను మళ్లీ ఎత్తేయమని కోర్టు చెప్పవలసి వచ్చిందంటే నీ నిలకడ ఎంతటిదో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నువ్వు చదువుకున్నదానివి కూడా. 2009లో కేంద్ర ప్రభుత్వం ప్రతి మంత్రిత్వ శాఖ చేత ఫలితాల చట్రం పత్రం రాయించడం మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరులో ప్రధాని ఆమోదించారు, కేబినెట్ సెక్రటేరియట్ నడిపింది. మంత్రికీ, శాఖ కార్యదర్శికీ మధ్య అది ఒక ఒప్పందం. శాఖ తన లక్ష్యాలు రాసుకోవాలి, ఒక్కోదానికి బరువు ఇవ్వాలి, బరువులన్నీ కలిపితే నూరు. ఒక్కో లక్ష్యానికి కొలత సూచిక, ఆ సూచికకు ఐదు మెట్లు: అత్యుత్తమానికి 100, చాలా బాగుంటే 90, బాగుంటే 80, ఫర్వాలేదంటే 70, అంతకు దిగితే 60. మామూలు టార్గెట్‌ను 90 గడిలో రాయాలి, 100 గడి దానిని మించినవాళ్లకు. బయటి నిపుణులు, రిటైరైన కార్యదర్శులు కూర్చుని ముసాయిదాను ప్రశ్నించేవారు. ఇది పాత రోజుల్లా పైనుంచి పడిన అంకె కాదు. మాట్లాడుకోవడం, ఒప్పుకోవడం అనే మెట్లు ఇందులో ఉన్నాయి. మంచి ఉద్దేశంతో, తెలిసినవాళ్లు చేసిన పని.

అయినా సేవ దగ్గరికి వచ్చేసరికి చిక్కు చిక్కులాగే ఉంది. ఇందులోని లెక్క పద్ధతిని ప్రజల అర్జీలు చూసే ఒక ఆఫీసుకు వర్తింపజేద్దాం, అంకెలు మన ఊహవి. సూచిక: 30 రోజుల్లో పరిష్కరించిన అర్జీల శాతం. బరువు 10. మెట్లు 95, 90, 85, 80, 75. ఏడాదికి వెయ్యి అర్జీలు వచ్చాయి, 920 మూసేశారు. 92 శాతం. అది 90కీ 95కీ మధ్య ఐదింట రెండు వంతుల దూరం, కాబట్టి మార్కు 94. బరువుతో గుణిస్తే 9.4. మిగతా సూచికల నుంచి 82.6 వచ్చిందనుకుంటే మొత్తం 92. శాఖకు ‘చాలా బాగు’ అన్న ర్యాంకు.

ఇప్పుడు ఆ 920 తెరిచి చూద్దాం. అందులో 300 అర్జీలు ‘ఇది మా పరిధిలోనిది కాదు, సంబంధిత ఆఫీసుకు పంపడమైనది’ అని మూసినవి. అర్జీ పెట్టుకున్న ముసలమ్మకు పింఛను రాలేదు, ఆమె కాగితం మాత్రం ఇంకో బల్ల మీదికి చేరింది. ఆఫీసులో ఒక నిజాయితీపరుడు, పంపినవాటిని పరిష్కరించినట్టు రాయకూడదని పట్టుబట్టాడనుకుందాం. 620 మిగులుతాయి. 62 శాతం, ఆఖరి మెట్టు 75 కన్నా కింద. ఆఖరి మెట్టుకు దిగువన మార్కు సున్నా. 9.4 మొత్తం పోయింది. 92 కాస్తా 82.6 అయ్యి ‘చాలా బాగు’ నుంచి ‘బాగు’కు దిగింది. ఆ ముసలమ్మకు జరిగినదాంట్లో ఈ రెండు లెక్కల మధ్య ఏ తేడా లేదు. మారింది ఒక మాట నిర్వచనమే. ఆ నిర్వచనాన్ని రాసేది ఆ శాఖే.

అందుకే శాఖలు తమ చేతిలో ఉన్నవాటిని ఎంచుకున్నాయి. ఫలానా తేదీ లోపు మార్గదర్శకాలు జారీ, ఇన్ని సమావేశాలు, ఇన్ని శిక్షణలు. వాటికి తేదీ ఉంటుంది, తేదీ అబద్ధమాడదు. మంత్రిత్వ శాఖలన్నిటికీ తప్పనిసరి చేసిన సూచికల్లో, ఈ పత్రం ముసాయిదాను గడువు లోపు ఇవ్వడం, సంవత్సరాంతపు ఫలితాలను గడువు లోపు పంపడం కూడా ఉన్నాయి. అంటే టార్గెట్ కాగితాన్ని సమయానికి ఇచ్చినందుకూ టార్గెట్ మార్కు. నూరులో కొద్ది బరువే, కానీ ఎవరూ పోగొట్టుకోవడానికి ఇష్టపడని బరువు. అది పూర్తిగా చేతిలో ఉన్నది కాబట్టి. 2014 తర్వాత ఈ పద్ధతి ఆగిపోయింది.

కొలవడం మానేయమని నేను అనడం లేదు. కొలవని ఆఫీసులో ఏం జరుగుతుందో కూడా మనకు తెలుసు. అక్కడ ఎవరి పని అయినా ఎవరో తెలిసినవాడి ఫోను మీద ఆధారపడుతుంది. ఆ ఏఎన్ఎం దగ్గరికి వచ్చిన ఇరవై మూడేళ్ల అమ్మాయికి అందిన సేవను కొలిచే ప్రశ్నలు ఉన్నాయి కూడా. ఈ పద్ధతి వల్ల వచ్చే ఇబ్బందులు నీకు చెప్పారా? ఇబ్బంది వస్తే ఏం చేయాలో చెప్పారా? ఇంకే పద్ధతులున్నాయో చెప్పారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సర్వే మనుషులు ఇంటికి వచ్చి సరిగ్గా ఇవే అడుగుతారు. ఆ జవాబు ఏఎన్ఎం రాసింది కాదు, మెడికల్ ఆఫీసరు దిద్దింది కాదు. ఆ అమ్మాయి తన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది.

అంత మంచి కొలతకు హద్దు ఎక్కడుందంటే, సర్వే కొన్ని ఇళ్లకే వెళ్తుంది. జిల్లా ఎలా ఉందో చెప్పగలదు, ఫలానా సబ్‌సెంటర్‌లో ఫలానా ఏఎన్ఎం ఎలా మాట్లాడుతుందో చెప్పలేదు. కొన్నేళ్లకోసారి వస్తుంది, నెలాఖరుకు రాదు. ఆ అంకెతో ఎవరికీ మెమో ఇవ్వలేరు, ఎవరి ఇంక్రిమెంటూ ఆపలేరు. దాన్ని నెలనెలా, మనిషిమనిషికీ తెప్పించి ఏఎన్ఎంల పేర్ల పక్కన రాస్తే, ఆ రోజు నుంచి ఆ ప్రశ్నలకు ఏం జవాబు చెప్పాలో అమ్మాయిలకు ముందే చెప్పి పెడతారు. టార్గెట్టూ, నువ్వు అక్కడ కూడా మాట తప్పవు, నూటికి నూరు తెచ్చిపెడతావు. డ్రక్కర్ చెప్పినట్టు ఆ జవాబుల కట్టను ఏఎన్ఎం చేతికే ఇచ్చి, పై ఆఫీసుకు నకలు పంపకుండా ఉన్న జిల్లా ఒక్కటైనా ఉంటే, అక్కడ నెలాఖరు మీటింగులో మెడికల్ ఆఫీసరు ఆమెను అడగవలసిన ప్రశ్న వేరుగా ఉంటుంది: ఈ నెల ఎవరెవరిని ఇప్పుడే వద్దని పంపావమ్మా, ఎందుకు పంపావు?